50 నుంచి 40కి: రాడ్డును ఎన్ని రఫ్ కట్‌లలో దించాలి?

క్లుప్తంగా: లేత్ మీద రాడ్డు వ్యాసం తగ్గించేటప్పుడు రఫ్ కట్‌లు, అంటే ఫినిష్‌కు ముందు ఎక్కువ ఉక్కు తీసేసే మోటు కట్‌లు, ఎన్ని వేయాలన్నది ముందే అనుకునే అంకె కాదు. ఫినిష్ కొలత నుంచి వెనక్కి లెక్కిస్తే అది దానంతట అదే తేలుతుంది. ఆఖరి కట్‌లకు ఎంత మిగల్చాలో ముందు తేల్చుకోవాలి. మిగతాది మోటారు ఎంత లాగగలదు, రాడ్డు ఎంత వంగుతుంది, రాడ్డు మీది నల్ల పెచ్చు ఎలా ఉంది అన్న మూడు హద్దుల్లో పంచాలి. 50 మి.మీ. నల్ల రాడ్డును 40కి దించే ఒక షాఫ్టు లెక్కలో కాగితం మీద రెండు రఫ్ కట్‌లు వస్తాయి. షెడ్డులో మూడు పడతాయి. ఆ తేడా ఎక్కడ నుంచి వస్తోందన్నదే ఇక్కడ చూడబోయేది.

సందేహం ఎక్కడ పుడుతోంది

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు తెలుగువాళ్లు నడిపే చిన్న లేత్ షెడ్లకు వరి కోతల ముందు పని ఎక్కువ. రైసుమిల్లుల ఎలివేటర్ షాఫ్టులు, బ్లోయర్ షాఫ్టులు, అరిగిన బేరింగ్ సీట్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. మిల్లు ఆగి ఉంటుంది కాబట్టి యజమాని షెడ్డు గుమ్మంలోనే కూర్చుంటాడు. ఒక్కో షాఫ్టుకు పట్టే నిమిషాలు అప్పుడు లెక్కలోకి వస్తాయి.

అలాంటి సమయంలోనే పాత వాదన మళ్లీ లేస్తుంది. ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు పట్టిక చూసి కార్బైడ్ టూలుకు మూడు మిల్లీమీటర్ల లోతు ఇవ్వొచ్చంటాడు. పాతికేళ్లుగా అదే మిషను మీద ఉన్న మేస్త్రీ ఒక మిల్లీమీటరు దాటనివ్వడు. పట్టికలో అంకె తప్పు కాదు, మేస్త్రీ భయమూ ఉత్తిది కాదు. పట్టిక టూలు ఎంత తట్టుకోగలదో చెబుతోంది. మేస్త్రీ మిషను ఎంత తట్టుకోగలదో చెబుతున్నాడు. కట్‌ల సంఖ్య తేలాలంటే రెండూ ఒకే లెక్కలోకి రావాలి.

ఉదాహరణకు ఒక ఎలివేటర్ షాఫ్టు తీసుకుందాం. సరుకు 50 మి.మీ. ఈఎన్8 నల్ల రాడ్డు, అంటే వేడిగా రోల్ చేసి వదిలిన మధ్యస్థ కార్బన్ ఉక్కు. ఒక చివర నుంచి 400 మి.మీ. మేర 40కి దించాలి. అక్కడ 6208 బేరింగు కూర్చుంటుంది, దాని పక్కన పుల్లీ. రాడ్డు మిగతా భాగం చక్‌లో ఉంటుంది, బయటి చివరను టెయిల్‌స్టాక్‌లోని రివాల్వింగ్ సెంటర్ ఆపుతుంది. మిషను మూడు హార్స్‌పవర్ల మోటారున్న ఆరడుగుల లేత్. టూలు బ్రేజింగ్ చేసిన కార్బైడ్ టిప్పు.

వ్యాసంలో పది, లోతులో అయిదు

50 నుంచి 40కి అంటే పది మిల్లీమీటర్లు పోవాలి. టూలు లోపలికి వెళ్లాల్సింది మాత్రం అయిదే. రాడ్డు తిరుగుతుంది కాబట్టి టూలు ఒక మిల్లీమీటరు జరిగితే రెండు వైపులా కలిపి వ్యాసం రెండు తగ్గుతుంది. ఇది తెలియని టర్నర్ ఉండడు. అయినా ఇక్కడే పొరపాటు జరిగి షాఫ్టులు పాడవుతుంటాయి, ఎందుకంటే క్రాస్ స్లైడ్ డయల్ అన్ని మిషన్ల మీదా ఒకేలా ఉండదు. కొన్నింటి మీద డయల్ గీతలు టూలు జరిగిన దూరాన్ని చూపుతాయి. కొన్నింటి మీద తగ్గిన వ్యాసాన్నే చూపుతాయి. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు మారిన మనిషి మొదటి రోజు వేసే కట్ లోతు తాను అనుకున్నదానికి రెట్టింపో సగమో అయ్యే ప్రమాదం ఉంది. పనికిరాని ముక్క మీద ఒక మిల్లీమీటరు జరిపి, వ్యాసం ముందూ వెనుకా వెర్నియర్‌తో కొలిస్తే అనుమానం తీరిపోతుంది.

ఇకపై లోతు అన్నచోటల్లా టూలు లోపలికి వెళ్లిన దూరమే అర్థం.

లెక్క ఫినిష్ కొలత నుంచి మొదలవుతుంది

బేరింగు సీటుకు 40 అంటే ఉజ్జాయింపు 40 కాదు. తిరిగే షాఫ్టు మీద లోపలి రింగు గట్టిగా కూర్చోవడానికి సాధారణంగా వాడే కె6 ఫిట్‌లో షాఫ్టు 40.002కు తగ్గకూడదు, 40.018 దాటకూడదు. మొత్తం వెసులుబాటు 0.016 మి.మీ. రఫ్ కట్ నుంచి నేరుగా ఈ కొలతకు దిగడం అదృష్టం మీద ఆధారపడిన పని.

రఫ్ కట్ తర్వాత రాడ్డు ఉపరితలం గీతలు పడి ఉంటుంది. కొద్దిగా టేపర్ ఉండొచ్చు. రాడ్డు వేడిగానూ ఉంటుంది. వీటన్నిటినీ తుడిచేయడానికి సరిపడా ఉక్కు మిగలాలి. ఈ పరిమాణం షాఫ్టుకు వ్యాసంలో ఒక మిల్లీమీటరు, అంటే లోతులో అర మిల్లీమీటరు మిగల్చడం సబబైన అంచనా. అంతకంటే బాగా తక్కువ ఉంచితే రఫ్ కట్ వదిలిన గాట్లు ఫినిష్‌లో పూర్తిగా పోకపోవచ్చు. ఎక్కువ ఉంచితే ఫినిష్ కట్ కూడా రఫ్ కట్‌లా బరువెక్కి, తాను సరిచేయాల్సిన తప్పునే మళ్లీ చేస్తుంది.

కాబట్టి రఫింగ్ ఆగాల్సింది 41 దగ్గర. 50 నుంచి 41కి లోతులో నాలుగున్నర మిల్లీమీటర్లు. ఇకపై ప్రశ్న ఈ నాలుగున్నరను ఎన్ని ముక్కలు చేయాలన్నదే.

మోటారు ఎంత లాగగలదు

సూత్రప్రాయంగా చూస్తే అన్నీ ఒకే కట్‌లో తీసేయడమే లాభం. టూలు ఎంతకాలం మన్నుతుందన్న దాన్ని స్పీడు బాగా దెబ్బతీస్తుంది, ఫీడు, అంటే ఒక చుట్టుకు టూలు రాడ్డు పొడవునా జరిగే దూరం, అంతకంటే తక్కువ, లోతు అన్నిటికంటే తక్కువ. అందుకే ముందు లోతు పెంచు, తర్వాత ఫీడు, చివర్న స్పీడు అని నేర్పుతారు. అయితే ఈ వరస టూలు వైపు నుంచి చూసినది. లోతు పెరిగితే టూలు అంతగా అరగకపోయినా మిషను మీద బరువు అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

కోతకు కావాల్సిన శక్తికి లెక్క ఇది:

```
P = ap × f × vc × kc / 60000
```

ఇందులో P కిలోవాట్లలో శక్తి, ap మిల్లీమీటర్లలో లోతు, f ఒక చుట్టుకు ఫీడు, vc నిమిషానికి మీటర్లలో కోత వేగం. kc అంటే ఆ ఉక్కులో ఒక చదరపు మిల్లీమీటరు చిప్‌ను కోయడానికి పట్టే బలం. ఈఎన్8కు 0.2 ఫీడు దగ్గర దీన్ని సుమారు 2500 న్యూటన్లుగా తీసుకోవచ్చు. టూలు మొండిబారితే ఇది ఇంకా పెరుగుతుంది.

మిషను నిమిషానికి 450 చుట్లు తిరుగుతోందనుకుంటే 50 మి.మీ. వ్యాసం దగ్గర కోత వేగం సుమారు 71 మీటర్లు. ఫీడు 0.2, లోతు 1.5 పెడితే కావాల్సిన శక్తి 0.88 కిలోవాట్లు. మూడు హార్స్‌పవర్లంటే 2.2 కిలోవాట్లు. బెల్టులు, గేర్లు, బేరింగులు తినేది పోను పాత మిషనులో 70 శాతం స్పిండిల్‌కు చేరుతుందనుకుంటే చేతిలో ఉన్నది 1.54 కిలోవాట్లు. అంటే ఇదే స్పీడులో, ఇదే ఫీడులో లోతు రెండున్నర మిల్లీమీటర్లు దాటిన కాస్త దూరంలోనే మోటారు హద్దు వచ్చేస్తుంది.

నాలుగున్నర ఒకేసారి తీయాలంటే 2.65 కిలోవాట్లు కావాలి, కుదరదు. రెండుగా చేస్తే ఒక్కో కట్ 2.25. దానికి 1.33 కిలోవాట్లు చాలు. కాగితం మీద లెక్క ఇక్కడితో ముగిసింది: రెండు రఫ్ కట్‌లు, ఆపైన ఫినిష్. మూడు మిల్లీమీటర్లు కుదరకపోయినా, లోతైన కట్‌లు వేయొచ్చన్న కుర్రాడి మాట ఇంతవరకూ నిలిచింది.

రెండు కట్‌ల లెక్క ఎక్కడ తడబడుతుంది

ఆ లెక్క రాడ్డు సరిగ్గా గుండ్రంగా, నిటారుగా తిరుగుతోందని నమ్మింది. నల్ల రాడ్డు అలా తిరగదు. రోలింగ్ మిల్లు నుంచి లారీలో వచ్చి, షెడ్డు గోడకు ఆనించి ఉన్న రాడ్డులో కొంత వంపు ఉంటుంది. చక్‌లో పట్టి తిప్పినప్పుడు డయల్ గేజి మొత్తం ఒక మిల్లీమీటరు ఆట చూపిందంటే రాడ్డు మధ్యరేఖ అర మిల్లీమీటరు పక్కకు ఉందని అర్థం. అప్పుడు 2.25 పెట్టిన కట్ ప్రతి చుట్టులోనూ ఒక వైపు 1.75, ఎదురు వైపు 2.75 లోతు కోస్తుంది. 2.75 దగ్గర కావాల్సింది 1.62 కిలోవాట్లు. చేతిలో ఉన్నది 1.54. మోటారు సగటుతో నెట్టుకురావచ్చు, కానీ బెల్టు చుట్టుకొకసారి జారడం మొదలెడుతుంది. షెడ్డులో ఇది చెవికి తెలుస్తుంది. కోత శబ్దం ఒకే శ్రుతిలో ఉండకుండా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

రెండో సంగతి కరెంటు. మిల్లులూ పంపుసెట్లూ కలిసి నడిచే వేళల్లో లైను చివరనున్న షెడ్డుకు వోల్టేజి పడిపోవడం కొత్త కాదు. ఇండక్షన్ మోటారు గరిష్ఠ టార్కు వోల్టేజి వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది. 415 ఉండాల్సిన చోట 350 వస్తే వోల్టేజి తగ్గింది 16 శాతమే, గరిష్ఠ టార్కు మాత్రం 71 శాతానికి దిగుతుంది. మోటారు వెంటనే ఆగిపోదు. అదే బరువు లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కుతుంది, చివరికి స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే పడుతుంది. కట్ మధ్యలో స్పిండిల్ ఆగి ఫీడు ఇంకా పట్టి ఉంటే కార్బైడ్ టిప్పు అంచు ఎగిరిపోతుంది. మేస్త్రీ పొద్దున్న ధైర్యంగా వేసిన కట్‌నే సాయంత్రం ఎందుకు తగ్గిస్తాడో అడిగితే చెప్పకపోవచ్చు, కారణం మాత్రం ఇదే.

మరి ఒక మిల్లీమీటరు చొప్పున, ఇంకా జాగ్రత్తకు అర మిల్లీమీటరు చొప్పున తీసుకుంటూ పోతే? అక్కడ ఎదురయ్యేది నల్ల పెచ్చు. వేడి రోలింగులో ఉక్కు మీద ఏర్పడే ఈ ఆక్సైడు పొర పలచనైనా గట్టిది, రాపిడి ఎక్కువ. మొదటి కట్ అర మిల్లీమీటరే ఇస్తే, వంపున్న రాడ్డులో ఒక వైపు టూలు గాలిలో తిరుగుతుంది, ఎదురు వైపు పెచ్చుకు తగిలి దెబ్బలు తింటుంది. టూలు ముక్కు పెచ్చులోనే నడుస్తుంది. అదే మొదటి కట్ లోతుగా ఇస్తే ముక్కు పెచ్చు కిందనున్న శుభ్రమైన ఉక్కులో ఉంటుంది, పెచ్చు టూలు అంచు మీద ఒక్క చోటే తగులుతుంది. కట్ తర్వాత టిప్పును వెలుతురులో పెట్టి చూస్తే ఆ చోట చిన్న నొక్కు కనబడుతుంది. అది ముక్కు దగ్గర కాక పైన ఉన్నంతవరకు ఆ టిప్పుతో పని సాగుతుంది. అతి జాగ్రత్తతో వేసిన పలచని మొదటి కట్ టూలును కాపాడదు, త్వరగా చంపుతుంది. మేస్త్రీ వైపు తప్పేదైనా ఉంటే ఇక్కడే ఉంది.

మూడు కట్‌లు, సమానంగా కాదు

ఈ హద్దులన్నీ కలిపితే వచ్చే పంపకం ఇలా ఉంటుంది. మొదటి కట్ రెండు మిల్లీమీటర్లు, రాడ్డు 50 నుంచి 46కి. ఒక మిల్లీమీటరు ఆట ఉన్నా లోతు ఒకటిన్నరకు తగ్గదు, కాబట్టి పెచ్చు మొత్తం పోతుంది. రెండున్నర దాటదు, కాబట్టి 1.47 కిలోవాట్ల దగ్గర మోటారు హద్దులోనే ఉంటుంది. రెండో కట్ ఒకటిన్నర, 46 నుంచి 43కి. మూడోది ఒక మిల్లీమీటరు, 43 నుంచి 41కి.

ఒక కట్ పెరిగితే సమయం సగం మేర పెరుగుతుందని యజమాని అనుకుంటాడు. లెక్క అలా లేదు. 450 చుట్లకు 0.2 ఫీడంటే నిమిషానికి 90 మి.మీ. నడక. 400 పొడవుకు ఒక్కో కట్ నాలుగున్నర నిమిషాల లోపు. రెండు కట్‌లకు కలిపి దాదాపు తొమ్మిది నిమిషాలు. మూడు కట్‌ల పద్ధతిలో మొదటిది మాత్రమే 0.2 ఫీడుతో నడుస్తుంది. పెచ్చు పోయి, రాడ్డు గుండ్రంగా తిరగడం మొదలయ్యాక రెండు, మూడు కట్‌లకు ఫీడు 0.25కు పెంచవచ్చు. అప్పుడు రెండో కట్‌కు కూడా ఒక కిలోవాటు లోపే కావాలి, ఒక్కోటి మూడున్నర నిమిషాల్లో అయిపోతుంది. మూడూ కలిపి పదకొండున్నర. టూలు వెనక్కి తెచ్చే సమయం కలిపినా తేడా మూడు నిమిషాల పైచిలుకు. ఎగిరిపోయిన టిప్పును మార్చి, మళ్లీ సెట్ చేసుకోవడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇక్కడ ఫీడు పెంచడంలో ఇంకో లాభం దాగి ఉంది. లోతు రెట్టింపు చేస్తే కోత బలం రెట్టింపవుతుంది. ఫీడు రెట్టింపు చేస్తే బలం సుమారు 1.7 రెట్లే అవుతుంది, ఎందుకంటే చిప్ మందమయ్యే కొద్దీ kc తగ్గుతుంది. అంతే ఉక్కు తీయడానికి మిషను మీద బరువు తక్కువ పడాలంటే లోతు కాస్త తగ్గించి ఫీడు పెంచడం మేలు. శక్తి తక్కువున్న పాత మిషన్లకు ఇది ముఖ్యం. ఉపరితలం గరుకవుతుందన్న భయం రఫింగులో అక్కర్లేదు, ఆ గీతలు ఎలాగూ ఫినిష్‌లో పోయేవే.

రాడ్డు ఎంత వంగుతుంది

లోతును దశలవారీగా తగ్గించడానికి కారణం మోటారు ఒక్కటే కాదు. ఒకటిన్నర లోతు, 0.2 ఫీడు కట్‌లో టూలు మీద పడే ప్రధాన బలం 750 న్యూటన్లు, సుమారు 76 కిలోల బరువు. అందులో 40 శాతం దాకా రాడ్డును అడ్డంగా, టూలుకు దూరంగా నెడుతుందని లెక్కించుకోవచ్చు. అంటే 300 న్యూటన్లు. రాడ్డు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. అందువల్ల 50 మి.మీ. రాడ్డు కంటే 41కి దిగిన రాడ్డు అదే బలానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువే వంగుతుంది. మొదట్లో పెద్ద కట్, చివర్న చిన్న కట్ అన్న అలవాటుకు మూలం ఇదే.

అసలు ఎంత వంగుతుందన్నది మాత్రం రాడ్డును ఎలా పట్టామన్నదాని మీద ఉంటుంది. ఒక వైపు చక్, ఇంకో వైపు సెంటర్ ఉంటే, 41 మి.మీ. రాడ్డు 400 పొడవులో మధ్యన ఈ బలానికి వంగేది సుమారు 0.006 మి.మీ. వ్యాసంలో 0.012 తేడా. ఫినిష్ కట్ దీన్ని సులభంగా తుడిచేస్తుంది. సెంటర్ పెట్టకుండా చక్‌లోనే పట్టి అదే కట్ వేస్తే చివర వంపు 0.22 మి.మీ. వ్యాసంలో దాదాపు 0.44. అంటే ఫినిష్ కోసం మిగిల్చిన ఒక మిల్లీమీటరులో సగానికి దగ్గర టేపర్‌కే పోతుంది. ఇక కట్‌లు ఎన్ని వేయాలన్న చర్చకు అర్థమే ఉండదు. 400 పొడవును సెంటర్ లేకుండా తిప్పకూడదు. కానీ సెంటర్ హోల్ వేయడానికి బద్ధకించి, లోతు తగ్గిస్తే చాలులే అనుకోవడం కనిపిస్తూనే ఉంటుంది. లోతు సగం చేస్తే వంపు సగమవుతుంది, అంతే. సెంటర్ పెడితే ముప్పై అయిదో వంతుకు పడిపోతుంది.

రాడ్డు మరీ ఎక్కువ వంగుతోందన్న సంగతి కొలవకముందే తెలుస్తుంది. కోత జరిగిన చోట ఉపరితలం మీద వంకర అలలు పడతాయి, చెవికి చిల్లుపడే కీచుమోత వస్తుంది. చాటర్ అంటారు దీన్ని. వెంటనే లోతు తగ్గించాలనిపిస్తుంది. చాలాసార్లు స్పీడు ఒక మెట్టు తగ్గించి, ఫీడు కొద్దిగా పెంచితే ఆ మోత ఆగిపోతుంది, ఎందుకంటే పలచని చిప్ దగ్గర టూలు కోయడం మాని రుద్దడం మొదలెడుతుంది. టూలు టూల్‌పోస్ట్ నుంచి ఎంత బయటకు పొడుచుకువచ్చిందో కూడా చూడాలి.

చివరి మిల్లీమీటరు

41 దగ్గర ఆగగానే మైక్రోమీటరు తీయడం తొందరపాటు. మూడు రఫ్ కట్‌ల తర్వాత రాడ్డు షెడ్డు గాలి కంటే 40 డిగ్రీలు వేడిగా ఉందనుకుంటే, 40 మి.మీ. వ్యాసం 0.018 మి.మీ. పెరిగి ఉంటుంది. బేరింగు ఫిట్‌కు ఉన్న వెసులుబాటు మొత్తం 0.016. వేడి మీద సరిగ్గా 40.010 కొలిచి సంతోషించిన షాఫ్టు చల్లారాక 39.992 అవుతుంది, బేరింగు వేలితో నెడితే జారిపోతుంది. మిల్లులో కొద్ది వారాల్లోనే లోపలి రింగు షాఫ్టు మీద తిరగడం మొదలెడుతుంది. ఆ షాఫ్టు మళ్లీ అదే షెడ్డుకు వస్తుంది, ఈసారి వెల్డింగు పోయించుకోవడానికి.

వేడికి పొడవు కూడా పెరుగుతుంది. 400 మి.మీ. రాడ్డు అదే 40 డిగ్రీలకు 0.18 మి.మీ. సాగుతుంది. సెంటర్‌ను బిగించి వదిలేస్తే సాగడానికి చోటు లేక రాడ్డు మధ్యలో విల్లులా ఉబుకుతుంది. అందుకే రఫింగ్ అయ్యాక టెయిల్‌స్టాక్ చక్రాన్ని ఒకసారి సడలించి మళ్లీ మెత్తగా బిగించాలి. రాడ్డు చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. ఆ విరామంలో రెండో షాఫ్టు మొదటి కట్ వేసుకునే వీలు ఒకే లేత్ ఉన్న షెడ్డులో ఉండదు. కూలెంట్ పోస్తే త్వరగా చల్లారుతుంది.

చల్లారాక మిగిలిన ఒక మిల్లీమీటరును ఒకే కట్‌లో తీయకుండా రెండు సమాన కట్‌లు చేయడంలో ఒక తెలివి ఉంది. 0.25 లోతు ఇచ్చి సీటు మీద ఒక కట్ వేసి కొలవాలి. డయల్ ప్రకారం 40.50 రావాలి. 40.53 వచ్చిందనుకుందాం. ఆ 0.03 తేడా రాడ్డు, టూలు, మిషను కలిపి వెనక్కి తగ్గిన కొలత. తర్వాతి కట్‌కు దాదాపు అదే లోతు, అదే ఫీడు, అదే స్పీడు ఇస్తే వెనక్కి తగ్గేది కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి కొలిచిన 40.53 నుంచి 40.01కి కావాల్సిన 0.26 డయల్ మీద జరిపితే చాలు, అనుకున్న చోటికే వస్తుంది. మొదట 0.45, తర్వాత 0.05 ఇస్తే ఈ నమ్మకం ఉండదు. రెండో కట్ చాలా తేలిక కాబట్టి రాడ్డు తక్కువ వంగుతుంది, మొదటి కట్‌లో తప్పించుకున్న ఉక్కు కూడా ఇప్పుడు కోతలోకి వస్తుంది. లేదా టూలు అసలు కోయకుండా రుద్దుకుంటూ పోతుంది.

ఇంత పలచని కట్‌కు రఫింగ్ టిప్పు పనికిరాదు. ముక్కు గుండ్రం 0.8 ఉన్న టూలుతో 0.25 లోతు ఇస్తే కోత అంతా ముక్కు వంపు మీదే జరుగుతుంది, బలం ఎక్కువ భాగం రాడ్డును పక్కకు నెట్టడానికే పోతుంది. ముక్కు 0.4 ఉన్న పదునైన టూలు, 0.1 ఫీడు ఈ పనికి నప్పుతాయి.

హైస్పీడ్ స్టీలు టూలైతే

సరిహద్దు పట్టణాల్లో ఇంకా చాలా పని హైస్పీడ్ స్టీలు టూలుతోనే సాగుతుంది. దాన్ని షెడ్డులోనే గ్రైండింగ్ రాయి మీద సానపెట్టుకోవచ్చు, టిప్పు కోసం బజారుకు వెళ్లక్కర్లేదు. దానికి కోత వేగం నిమిషానికి 28 మీటర్ల దగ్గర ఉంచాలి, అంటే ఈ రాడ్డుకు 180 చుట్లు. వేగం తగ్గింది కాబట్టి శక్తి కూడా తక్కువ చాలు. లెక్క ప్రకారం నాలుగున్నర మిల్లీమీటర్లూ ఒకే కట్‌లో తీసినా 1.06 కిలోవాట్లే! మోటారు హద్దు మాయమైనట్టు కనబడుతుంది.

మాయమైంది శక్తి హద్దు మాత్రమే. బలానికి వేగంతో పెద్దగా సంబంధం లేదు. నాలుగున్నర లోతుకు టూలు మీద 2250 న్యూటన్లు పడతాయి, రాడ్డును నెట్టేది 900. పాత మిషనులో క్రాస్ స్లైడ్ ఆటను బిగించే గిబ్ పట్టీ కాస్త వదులుగా ఉన్నా టూలు కిందకు లాగబడి ఉక్కులోకి దిగబడుతుంది. కాబట్టి ఈ టూలుతోనూ రెండు మిల్లీమీటర్లతో మొదలెట్టి మూడు కట్‌లే వేయడం మంచిది, కారణం మాత్రం వేరు. ఖర్చు సమయంలో కనబడుతుంది: 0.2 ఫీడుకు ఒక్కో కట్ పదకొండు నిమిషాలు. హద్దు దాటామో లేదో చిప్స్ రంగు చెబుతుంది. హైస్పీడ్ టూలు నుంచి గడ్డిరంగు చిప్స్ వస్తే పరవాలేదు, నీలం వస్తే టూలు అంచు మెత్తబడుతోంది. కార్బైడ్‌తో నీలం చిప్స్ మామూలే.

సీఎన్‌సీ మీదకు వెళ్లినా ఇదే లెక్క

రాయగడ వైపు కుర్రాళ్లు విశాఖ, హైదరాబాదు వెళ్లి సీఎన్‌సీ టర్నింగ్ మీద కూర్చున్నప్పుడు కట్‌ల సంఖ్యను కంట్రోలరే తేలుస్తుంది, కానీ లోతు మనమే చెప్పాలి. ఫానుక్ కంట్రోలులో రఫింగ్ సైకిల్ రెండు వరుసల్లో ఉంటుంది:

```
G71 U1.5 R0.5
G71 P10 Q20 U1.0 W0.1 F0.2
```

మొదటి వరుసలోని U ఒక్కో కట్ లోతు, అంటే టూలు జరిగే దూరం. రెండో వరుసలోని U ఫినిష్‌కు మిగల్చాల్సినది, అది వ్యాసంలో. ఒకే అక్షరం, రెండు కొలమానాలు. చేతి మిషను డయల్ దగ్గర మొదలైన గందరగోళం ఇక్కడా వెంటాడుతుంది.

పై అంకెలతో 50 నుంచి 41కి నాలుగున్నర లోతును ఒకటిన్నర చొప్పున సరిగ్గా మూడు కట్‌లలో తీస్తుంది. తొందరగా అవ్వాలని U2.0 పెడితే కట్‌ల సంఖ్య తగ్గదు. రెండు, రెండు, ఆఖర్న మిగిలిన అర మిల్లీమీటరు, మళ్లీ మూడే. పైగా ఆ అర మిల్లీమీటరు కట్ రఫింగ్ టిప్పు ముక్కు వంపులోనే జరుగుతుంది, చిప్ విరగక తీగలా సాగి రాడ్డుకు చుట్టుకుంటుంది. నిజంగా ఒక కట్ తగ్గాలంటే U2.25 పెట్టాలి. అది పెట్టవచ్చో లేదో మిషను మోటారు, రాడ్డులోని వంపు చూసి తేల్చాలి. బలమైన స్పిండిలు, పెచ్చులేని బ్రైట్ బార్ ఉన్నచోట పెట్టవచ్చు. నల్ల రాడ్డైతే అక్కడ కూడా ముందు డయల్ గేజి ఆనించి ఒక చుట్టు తిప్పి చూడాల్సిందే.